గోడలో రెండో దీపం

దేవరాజులు దెయ్యాన్ని చూసిన రోజు సంగతి తెలియక నవ్వినవాణ్ణి నేనే. తర్వాత ఆ దెయ్యం పక్కన నిలబడి సర్టిఫికెట్లు టైపు కొట్టినవాణ్ణీ నేనే. కాబట్టి ఆయన కథ చెప్పే హక్కు నాకు కొంచెం ఉంది, సిగ్గుపడాల్సిన బాధ్యత అంతకన్నా ఎక్కువ ఉంది.

తిరుపతిలో మా పరీక్షాశాల ఒక పాత పెంకుటింట్లో ఉండేది. కరెంటు మీటర్లు, థర్మామీటర్లు, ప్రెషరు గేజీలు పరీక్షించి, సరిగ్గా ఉన్నాయో లేదో కాగితం రాసివ్వడం మా పని. నేను టైపిస్టును. దేవరాజులు మెకానిక్కు. పాకాల దగ్గర పల్లెవాడు, పొట్టివాడు, మాట నెమ్మది. ఐ.టి.ఐ. చదివి అరవై ఆరులో మా దగ్గర చేరాడు. వెనకవైపు కిటికీల్లేని ఒక పొడుగాటి ఇరుకు గది ఉండేది. దానికి చీకటిగది అని పేరు. వెలుగును కొలిచే లక్స్ మీటర్లను అక్కడ సరిచూసేవాళ్లు. ఆ గదికి రాజు వరదయ్య. దేవరాజులుకు పని నేర్పింది ఆయనే.

పని వినడానికి సులభం. పొడవాటి బల్ల మీద ఒక చివర ఢిల్లీ నుంచి వచ్చిన ప్రామాణిక దీపం. ఇన్ని ఆంపియర్ల కరెంటిస్తే ఇంత వెలుగిస్తుందని దానికి ఒక కాగితం ఉంటుంది. రెండో చివర మీటరు కన్ను. దీపం వెలుగు ఒక మీటరు దూరంలో రెండు వందల లక్స్ అయితే, రెండు మీటర్ల దూరంలో యాభై ఉండాలి. దూరం రెట్టింపయితే వెలుగు నాలుగోవంతు. మీటరు ముల్లు యాభై చూపిస్తే మంచిది, చూపించకపోతే మర తిప్పి సరిచేయడమే.

సులభమన్న మాట వరదయ్య ముందు అంటే మాత్రం చీవాట్లే. ఆ దీపాన్ని ఆయన వేలితో తాకనిచ్చేవాడు కాదు, పాత పట్టుగుడ్డతో పట్టుకోవాలి. వెలిగించాక పావుగంట ఆగాలి. తెల్లచొక్కాతో లోపలికి రాకూడదు. ఒకసారి దేవరాజులు కొండకు పోయి గుండు కొట్టించుకుని, నెత్తికి గంధం పూసుకుని పనికొచ్చాడు. వరదయ్య గుమ్మంలోనే ఆపేశాడు.

"ఆ గుండు తీసుకోని లోపలికి వచ్చినావంటే అదొక దీపమయితాది. వెంట్రుకలు మొలిసేదాకా బయట గేజీలు సూసుకో పో."

మేమందరం నవ్వినా, ఆయన మాత్రం నవ్వలేదు. ఆయన భయమంతా ఒకటే: దీపం నుంచి నేరుగా వచ్చిన వెలుగు తప్ప ఇంకే వెలుగూ మీటరు మీద పడకూడదు. గోడకు తగిలి వచ్చేది, చొక్కాకు తగిలి వచ్చేది, అదంతా దొంగవెలుగు. దాన్ని ఆపడానికి బల్ల మధ్యలో చిల్లులున్న నల్లపలకలు మూడు ఉండేవి. చెదలు రెండింటిని తినేశాయి. కొత్తవి కావాలని రాసిన కాగితం ఆఫీసుల్లో ఎక్కడో నిద్రపోతూ ఉంది. అందుకని వరదయ్య గోడలనే నమ్ముకున్నాడు. ఏటా ఆముదం దీపం మీద కుండపెంకు బోర్లించి మసి పట్టి, కాస్త జిగురు కలిపి, రెండు గోడలకూ చేత్తో పూసేవాడు. ఆ గోడ చూస్తే కన్ను లోపలికి పోయేది తప్ప తిరిగి వచ్చేది కాదు.

ఆయన దేవరాజులుకు నేర్పిన పరీక్షలు మూడు. మీటరు పెట్టేముందు, అది ఉండే చోట నీ కన్ను పెట్టి చూడు, దీపం ఒక్కటే కనపడాలి. తర్వాత దీపానికీ మీటరుకూ మధ్య నిలబడి, మీటరు కన్నును మాత్రమే కప్పేటంత నీడ పడేలా చిన్న అట్టముక్క పట్టుకో, అప్పుడు ముల్లు సున్నాకు రావాలి, ఏమైనా మిగిలిందంటే అది దొంగవెలుగు. మూడోది, మీటరును పక్కకు తిప్పి చూడు. అరవై డిగ్రీలు తిప్పితే వెలుగు సగం కావాలి. పక్కవాటంగా పడే వెలుగును చాలా మీటర్లు సరిగ్గా పట్టవు, సగం కన్నా తక్కువ చూపిస్తాయి. నేరుగా పడే దీపం ముందు ఆ లోపం బయటపడదు. కిటికీ పక్కన పనిచేసేవాళ్ల దగ్గర బయటపడుతుంది.

ఈ మూడోదానికి మా సర్టిఫికెట్ ఫారంలో గడి లేదు. గడి లేని పనికి ప్రభుత్వంలో విలువ లేదు. అయినా వరదయ్య అడుగున పెన్సిలుతో రాసి నాకిచ్చేవాడు. దాన్ని నేను కొన్నిసార్లు టైపు కొట్టేవాణ్ణి, కొన్నిసార్లు కొట్టేవాణ్ణి కాదు.

డెబ్బై ఎనిమిదిలో హైదరాబాదు నుంచి ఒక పెద్ద ఆఫీసరు వచ్చి చీకటిగది చూశాడు. బయటికొచ్చేసరికి ఆయన తెల్లప్యాంటు ఒక పక్క మొత్తం మసి. మా సూపరింటెండెంటు జయరావుగారి మొహం అంతకన్నా నల్లగా మారింది. మర్నాడే, గీకేయండి ఆ మసి, మంచి నల్ల ఎనామిల్ రంగు వేయండి అని ఉత్తరువు. అప్పటికి వరదయ్య జబ్బుపడి చంద్రగిరిలో ఇంటి దగ్గరే ఉన్నాడు. రంగు వేసింది దేవరాజులే. రెండు పూతలు, నునుపుగా, ఇష్టంగా వేశాడు. చొక్కాకు అంటుకోని నలుపు దొరికిందని ఆయనకూ సంతోషమే.

ఆ వారం దేవరాజులు చూడటానికి పోతే, వరదయ్య మంచంలో పడుకునే అడిగాడట.

"మసి గీకేసినావంట గదరా?"

"నల్లరంగే గదయ్యా ఏసినాము. ఇంకా బాగుండాది."

"నలుపంటే అంతా నలుపేనా రా? ఆ గోడ..."

అంతలో దగ్గు తెర వచ్చింది. ఆయన భార్య నీళ్లు పట్టింది. ఆ మాట మిగతాది రాలేదు. నాలుగు రోజులకు వరదయ్య పోయాడు. ఆ గోడ తర్వాత ఏం చెప్పబోయాడో అని దేవరాజులు నాతోనే వందసార్లు అన్నాడు. మసి గీకినందుకు తిట్టబోయాడేమో అని నేను తేలిగ్గా తీసేశాను.

వరదయ్యకు పదమూడో రోజు అయిన మర్నాడు, గూడూరు వైపు ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు పంపిన లక్స్ మీటరు ఒకటి వచ్చింది. దేవరాజులు చీకటిగదిలోకి వెళ్లాడు. దీపం వెలిగించాడు, పావుగంట ఆగాడు, నేర్పినట్టే బల్ల చివర వంగి మీటరు ఉండాల్సిన చోట కన్ను పెట్టాడు.

పగలు పదకొండు గంటలు. నేను ఇవతల టైపు కొడుతున్నాను. తలుపు తోసుకుని బయటపడ్డాడు. ఒళ్లంతా చెమట.

"ఏమప్పా?" అన్నాను.

"ఉడకగా ఉండాది లోపల," అన్నాడు.

అసలు సంగతి రెండేళ్ల తర్వాత చెప్పాడు. ఎదురుగా దీపం ఉంది. కుడిచేతి గోడలో, గోడ మీద కాదు గోడ లోపల, ఇంకొక దీపం ఉంది. మసకగా, కొంచెం సాగినట్టు, అదే ఎత్తులో. ఎవరో గోడకు అవతల దీపం పట్టుకుని నిలబడ్డట్టు ఉంది. తను తల కదిలిస్తే అదీ కదిలింది. వరదయ్య ఎప్పుడూ ఆ గోడ వైపే వీపు పెట్టి నిలబడేవాడు.

ఆ రోజు సాయంత్రమే దేవరాజులు గుమ్మానికి పసుపుకొమ్ము కట్టాడు, కొబ్బరికాయ కొట్టాడు. "ఏందబ్బా, చీకటిగదికి గృహప్రవేశమా?" అని నేను ఎగతాళి చేశాను. ఆయన పనిచేసే పద్ధతి మాత్రం ఆ రోజు నుంచి మారిపోయింది. మీటరు కన్నుకు పొడుగు తీగ ఉంటుంది, ముల్లు పెట్టె వేరుగా ఉంటుంది. కన్నును బల్ల చివర గబగబా బిగించి, తీగ లాక్కుని గుమ్మం లోపల వేలాడే నల్లతెర ఇవతలికి వచ్చేసేవాడు. ముల్లు ఇక్కడే చూసేవాడు. అక్కడ వంగడం మానేశాడు. అట్టముక్క పట్టుకోవాలంటే ఆ గోడకు వీపు పెట్టి నిలబడాలి, అదీ మానేశాడు. మీటరును తిప్పి చూడాలంటే ఆ చివరే కూర్చోవాలి, అదీ పోయింది. లోపలికి పోయేముందు మాత్రం "అయ్యా, మొదలుపెడతాండా" అని సన్నగా అనేవాడు. నాకు వినపడేది. అలవాటులే అనుకున్నాను.

గూడూరు మీటరు యాభై చూపించాల్సిన చోట యాభై ఆరు చూపించింది. ఎక్కువ చూపిస్తోంది అని తీర్మానించి, దేవరాజులు మర తిప్పి ముల్లును యాభైకి దించాడు. నేను సర్టిఫికెట్ కొట్టాను. జయరావుగారు సంతకం పెట్టారు. ముగ్గురం మధ్యాహ్నం భోజనానికి పోయాం.

ఎనభైలో ఆ ఇన్‌స్పెక్టరు బదిలీ అయి, కొత్తాయన శాంతయ్య వచ్చాడు. ఒకరోజు రెండు మీటర్లు సంచిలో వేసుకుని, గూడూరు నుంచి రైలెక్కి మా ఆఫీసుకు తానే వచ్చాడు.

"ఇదేందో నాకు అర్థం కాలేదు సార్. ఒకే బల్ల మీద పెడితే రెండు మీటర్లూ రెండు మాటలు చెప్తాండాయి. మీరు సరిచేసిందేమో తక్కువ సూపిస్తాది. కిటికీ పక్కనయితే ఇంకా తక్కువ."

తానూ పరీక్ష చూస్తానన్నాడు. దేవరాజులు మొహం చిన్నబోయింది, కానీ కాదనలేడు. దీపం వెలిగింది. శాంతయ్యకు ఏ దెయ్యమూ తెలియదు. ఆయన చక్కగా బల్ల చివరకు పోయి, వంగి, మీటరు చోట కన్ను పెట్టాడు.

"ఆ గోడలో ఇంకో దీపం ఎవురబ్బా పెట్టింది?"

నేను తెర పక్కన ఉన్నాను. దేవరాజులు నా భుజం పట్టుకున్నాడు.

"మీకూ కనపడతాందా సార్?" అన్నాడు.

"కండ్లుండే ఎవురికయినా కనపడతాది. అద్దం మాదిరి మెరస్తాంది గదా గోడ!"

శాంతయ్య గోడను వేలితో రాశాడు. ఎదురుగా నిలబడి చూస్తే అది కారునలుపే. కానీ గోడ వెంబడి ఏటవాలుగా చూస్తే ఎనామిల్ మెరుస్తుంది, దీపాన్ని తనలో చూపిస్తుంది. మసి అలా కాదు, ఎటునుంచి చూసినా మింగేస్తుంది. వరదయ్య చెప్పబోయి దగ్గులో మింగేసిన మాట అదే.

దేవరాజులు అప్పుడు మెల్లగా అట్టముక్క తీసుకుని, రెండేళ్లుగా నిలబడని చోట నిలబడ్డాడు. శాంతయ్య తెచ్చిన రెండో మీటరు, మేం చెయ్యిపెట్టని మంచిది, దాని కన్ను బల్ల మీద ఉంది. ముల్లు యాభై ఆరు దగ్గర ఉంది. అట్టముక్క నీడ కన్ను మీద పడింది. ముల్లు దిగింది, సున్నాకు రాలేదు, ఆరు దగ్గర ఆగింది.

"ఎంతప్పా?" అని ఆయన అక్కడినుంచే అడిగాడు.

"ఆరు," అన్నాను.

యాభై నేరుగా వచ్చిన వెలుగు. ఆరు గోడ ఇచ్చిన దొంగవెలుగు. ఆ రోజు గూడూరు మీటరు నిజమే చెప్పింది. అబద్ధమాడింది మా గది. నిజం చెప్పే మీటరు మెడ వంచి, తక్కువ చెప్పేలా చేసి పంపింది మేము. తర్వాత ఆ మీటరును అరవై డిగ్రీలు తిప్పి చూస్తే సగం చూపించాల్సింది సగంలో అయిదోవంతు తక్కువ చూపించింది. నేరుగా పడే వెలుగులో మేం కోసిన కోత, పక్క వెలుగులో దాని సొంత కోత, రెండూ కలిస్తే రెండు వందల లక్స్ ఉన్న చోట అది నూట నలభై అంటుంది.

దేవరాజులు బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. దెయ్యం లేదని తేలితే మనిషికి ధైర్యం రావాలి. ఆయనకు భయం అప్పుడే మొదలైంది.

"సార్, ఈ మీటరుతో మీరు యాడ యాడ సూసినారు?" అని శాంతయ్యను అడిగాడు.

"నేను గాదు, నాకు ముందాయన. గూడూరు పక్కన అభ్రకం షెడ్డొకటి ఉండె. నలభై మంది ఆడోళ్లు కిటికీల పక్కన కూసోని అభ్రకం రేకులు విడదీస్తా ఉండ్రి. కనీసం నూటయాభై ఉండాలని ఆయన పట్టు. మీటరేమో నూటనలభై చెప్పె. ఆడోళ్ల కండ్లు పోతాయని నోటీసిచ్చినాడు. ఓనరు దీపాలు పెట్టించేదానికి ఒప్పుకోక షెడ్డు మూసేసినాడు. ఇప్పుడు మళ్లీ తెరుస్తానని అర్జీ పెట్టుకున్యాడు. అందుకే ఈ మీటరు సంగతి తేల్సుకుందామని వస్తి."

"ఆ ఆడోళ్లు?"

"పని ఇండ్లకు తీసుకపోయినారు. గుడిసెల్లో కిరసనాయిలు బుడ్డి పెట్టుకోని చేస్తాండారు. ఒకామెకు అభ్రకం పలుకు ఎగిరి కంట్లో పడినాదంట. ఆకుపసురు పోసినారు. ఆ కన్ను పోయె."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. వైద్యుడు మేమే. ఆ మందు చీటీ టైపు కొట్టింది నేనే. ఇది దాచుకోవాల్సిన మాట కాదు కాబట్టి చెబుతున్నాను.

జయరావుగారు చెడ్డవాడు కాడు, ఉద్యోగి. తలుపు వేసి అన్నాడు: "గోడ గీకి మసి పూయండి. ఈ మీటరుకు కొత్త సర్టిఫికెట్ ఇద్దాం. పాతవాటి ఊసు ఎత్తొద్దు. రెండేళ్లలో పదకొండు మీటర్లు పోయినాయి. అన్నిటికీ తప్పని రాస్తే ఈ ల్యాబు ఉంటుందా? దేవరాజులూ, నీ ప్రమోషను ఫైలు నా బల్ల మీదే ఉంది."

ప్రమోషను వస్తే దేవరాజులు సూపర్‌వైజరు అవుతాడు, పద్నాలుగేళ్ల ఎదురుచూపు అది. అయినా అన్నాడు.

"రెండేండ్లు ఆ గదిలో మా వరదయ్య ఉండాడని భయపడితి సార్. ఇప్పుడు ఆయన లేడని తెలిసె. ఈ పదకొండు కాయితాలు రాయకపోతే, రేపట్నుంచి ఆ గదిలో ఆ కన్ను పోయినామె ఉంటాది. నేను లోపలికి పోలేను."

పదకొండు ఉత్తరాలు నేనే కొట్టాను. మీరు మా దగ్గర సరిచేయించుకున్న మీటరు తక్కువ చూపిస్తుంది, తప్పు మాది, తిరిగి పంపండి. ప్రతి ఉత్తరంలోనూ మూడో పరీక్ష ఫలితం కూడా కొత్తగా రాస్తామని గడి లేకుండానే ఒక వాక్యం చేర్చాను. జయరావుగారు రెండు రోజులు సంతకం పెట్టకుండా ఉంచుకుని, మూడో రోజు పెట్టాడు. విచారణ జరిగింది. దేవరాజులుకు రెండు ఇంక్రిమెంట్లు ఆగాయి, ప్రమోషను ఫైలు మూతపడింది. నాకు ఏమీ కాలేదు. టైపిస్టు చేతివేళ్లకు తప్పొప్పులు అంటవని ప్రభుత్వం నమ్మకం.

మేమిద్దరం కలిసి గోడలకు మసి పూశాం. ఇద్దరి చొక్కాలూ పోయాయి. ఆ తర్వాత అట్టముక్క పెడితే ముల్లు సున్నాకు వచ్చి పడుకుంది.

సరిచేసిన మీటరుకు పక్కవెలుగును పట్టే తెల్లటి గుమ్మటం కూడా అమర్చి, దేవరాజులు తానే తీసుకుపోతానన్నాడు. తోడు నేనూ వెళ్లాను. శ్రీకాళహస్తి, వెంకటగిరి దాటి గూడూరులో దిగేసరికి పొద్దు నడినెత్తిన ఉంది. శాంతయ్య స్టేషన్లో ఉన్నాడు. షెడ్డు తాళం తీయించాడు. కబురు వెళ్లినట్టుంది, పాతిక మంది ఆడవాళ్లు బయట నిలబడి ఉన్నారు. వాళ్లలో నాగులమ్మ ఉంది. యాభై ఏళ్లుంటాయి. ఎడమకన్ను తెల్లగా మూసుకుపోయింది.

షెడ్డు లోపల నేలంతా అభ్రకం పొడి. కిటికీల వెలుగు దాని మీద పడి మెరుస్తూ ఉంది. శాంతయ్య ఒక్కొక్క చోటా కొలిపించాడు. నూట తొంభై, రెండు వందల పది, నూట ఎనభై అయిదు. నాగులమ్మ తానే వచ్చి, మూడో కిటికీ కింద తన పాత చోటులో కూర్చుంది. దేవరాజులు ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుని మీటరు కన్నును ఆమె పనిబల్ల మీద పెట్టాడు.

"ఎంత సూపిస్తాంది నాయనా?"

"రెండు వందలమ్మా."

"సాలుతాదా?"

"సాలుతాది. షెడ్డు తెరస్తారు."

ఆమె ఒక రేకు ముక్క ఎత్తి, కత్తిమొన పెట్టి విడదీయబోయింది. మొన పక్కకు జారింది. మళ్లీ పెట్టింది, మళ్లీ జారింది. ఒంటికన్నుతో ఆ మందం తెలియదు. ముక్క కింద పెట్టేసింది.

"ఆ పొద్దు ఎంత ఉన్యాది?" అంది.

దేవరాజులు తప్పించుకోలేదు. "ఆ పొద్దూ ఇంతే ఉన్యాదమ్మా. మీటరును తప్పుగా తిప్పింది నేను. ఈ చేతుల్తోనే తిప్పితిని."

తిడుతుందని ఎదురుచూశాం. తిట్టినా బాగుండేది. నాగులమ్మ కిటికీ వైపు తిరిగి, ఉన్న ఒక్క కంటితో బయటికి చూసింది.

"ఆ పొద్దు ఆ సారు ఈడనే కూసోని సూది సూసినాడు. నేను పక్కనే ఉండాను, ఇంత దూరంలో. నీకు కనపడతాందా అమ్మా అని ఒక్కమాట నన్ను అడిగింటే, చెప్పిండేదాన్ని గదా నాయనా."

దేవరాజులు మీటరు ముల్లు వైపే చూస్తూ కూర్చున్నాడు. అది రెండు వందల దగ్గరే నిలబడి ఉంది.